ధ్రువుడికి కట్టిన తాడు: అర్ధరాత్రి సూర్యుడి లెక్క

ప్రశ్న: "నార్వే పైభాగంలో జూన్‌లో అర్ధరాత్రి కూడా సూర్యుడు కనిపిస్తాడంటారు. భూమి తిరగడం ఆగదు కదా, మరి సూర్యుడు అస్తమించకుండా ఎలా ఉంటాడు? వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్లడం వల్లా? డిసెంబర్‌లో వెళ్తే రోజంతా చిమ్మచీకటేనా? టికెట్లు తీసుకునే ముందు అర్థం చేసుకుందామని అడుగుతున్నా."

జవాబు:

భూమి ఇరుసు ఒరిగి ఉండటం వల్ల. దూరానికి దీంతో సంబంధం లేదు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో (సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు), బాగా దూరమయ్యేది జూలై మొదటి వారంలో (సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు). అంటే నార్వేలో సూర్యుడు అస్తమించని రోజుల్లోనే మనం ఆయనకు ఎక్కువ దూరంలో ఉంటాం. ఇక డిసెంబర్ సంగతి: మీరు వెళ్లే ఊరు ఎంత పైన ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. నార్విక్ లాంటి చోట చిమ్మచీకటి కాదు, మధ్యాహ్నం పూట ఐదు గంటలపాటు మంచి సందెవెలుగు ఉంటుంది.

నేను విశాఖపట్నం వాణ్ణి. వ్యాపార నౌకల్లో నావిగేటింగ్ ఆఫీసర్‌గా పనిచేశాను. ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి నార్విక్‌కి జూన్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి వెళ్లాను. స్వీడన్‌లోని కిరునా గనుల ఖనిజం రైల్లో ఈ రేవుకొస్తుంది. వెచ్చని సముద్ర ప్రవాహం పుణ్యమా అని అంత ఉత్తరాన ఉన్నా చలికాలంలో గడ్డకట్టదు. సూర్యుడు, నక్షత్రాలు క్షితిజం మీద ఎంత ఎత్తున ఉన్నాయో సెక్స్టెంట్ అనే పరికరంతో కొలవడం మా ఉద్యోగంలో భాగం కాబట్టి ఇది నాకు పుస్తకంలో బొమ్మ కంటే లెక్కగానే బాగా తెలుసు. ఆ లెక్కే చెబుతాను, కష్టమైనదేం కాదు.

పెళ్లిలో అరుంధతితో పాటు ధ్రువ నక్షత్రాన్నీ చూపిస్తారు కదా. దాని విశేషమేమిటంటే, రాత్రంతా మిగతా నక్షత్రాలు దాని చుట్టూ తిరుగుతాయి, అది మాత్రం దాదాపు కదలదు. భూమి ఇరుసు ఉత్తరపు కొస అటువైపే చూస్తోంది గనక. ఇంకో సంగతి మా వాళ్లకు మొదటి పాఠం: ధ్రువుడు ఉత్తర క్షితిజం మీద ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే, మీ ఊరి అక్షాంశం అంతే. విశాఖలో సుమారు 17.7 డిగ్రీలు. అంటే చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఒక పిడికిలి పది డిగ్రీలనుకుంటే, రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. నార్విక్‌లో 68.4 డిగ్రీలు. మెడ బాగా ఎత్తి చూడాలి.

సూర్యుడు కూడా మిగతా నక్షత్రాల్లాగే రోజుకొకసారి ధ్రువుడి చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాడు. గుంజకు కట్టిన ఎద్దు తాడు నిడివి మేరకు గుండ్రంగా తిరిగినట్టు అనుకోండి. గుంజ ధ్రువుడు, ఎద్దు సూర్యుడు. ఇక్కడ తాడు నిడివిని డిగ్రీల్లో కొలుస్తాం. అసలు కిటుకంతా ఈ తాడులోనే ఉంది, ఎందుకంటే దాని నిడివి ఏడాది పొడవునా ఒకేలా ఉండదు.

భూమి ఇరుసు 23.44 డిగ్రీలు ఒరిగి ఉంది. అది ఒరిగిన దిక్కు మారదు, ఎప్పుడూ ధ్రువుడి వైపే. కానీ భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది కాబట్టి, జూన్‌లో ఇరుసు ఉత్తరపు కొస సూర్యుడి వైపు వాలినట్టవుతుంది, డిసెంబర్‌లో అవతలికి వాలినట్టవుతుంది. మార్చి 20, సెప్టెంబర్ 23 ప్రాంతాల్లో ఇటూ కాదు, అటూ కాదు. ఆ రెండు రోజుల్లో ధ్రువుడికీ సూర్యుడికీ మధ్య తాడు సరిగ్గా 90 డిగ్రీలు. జూన్ 21కి అది 66.56 డిగ్రీలకు పొట్టిదవుతుంది. డిసెంబర్ 21కి 113.44 డిగ్రీలకు సాగుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. గుంజ ఎత్తు కంటే తాడు పొట్టిదైతే ఎద్దు నేలను తాకగలదా? తాకలేదు. నార్విక్‌లో ధ్రువుడు 68.44 డిగ్రీల ఎత్తున ఉన్నాడు, జూన్ 21న తాడు 66.56. సూర్యుడు తిరిగి తిరిగి సరిగ్గా ధ్రువుడి కిందకు, అంటే ఉత్తర దిక్కుకు వచ్చినప్పుడు కూడా 68.44 లోంచి 66.56 తీసేస్తే 1.88 డిగ్రీల ఎత్తున మిగులుతాడు. అదే అర్ధరాత్రి సూర్యుడు. భూమి ఆగలేదు, ఆయనా ఆగలేదు. పడమరకు వెళ్లి దిగాల్సినవాడు అక్కడ దిగకుండా వాయవ్యం మీదుగా ఉత్తరానికి, అక్కణ్ణుంచి ఈశాన్యానికి నడిచి మళ్లీ పైకెక్కుతాడు. మన ఊళ్లో సప్తర్షులు రాత్రి గడిచేకొద్దీ కిందికి దిగిపోతారు. అదే ఇంకా ఉత్తరానికి వెళ్తే వాళ్లు అసలు అస్తమించరు. నార్విక్‌లో జూన్ నెలంతా సూర్యుడు సప్తర్షుల జాబితాలో చేరిపోతాడు, అంతే.

తాడు 66.56 కంటే పొట్టిది కాలేదు. అందుకే 66.56 డిగ్రీల అక్షాంశం దగ్గర గీత గీసి దాన్ని ఆర్కిటిక్ వలయం అన్నారు. దానికి దిగువన ధ్రువుడి ఎత్తు ఎప్పుడూ తాడు కంటే తక్కువే. విశాఖలో 17.7 ఎత్తు గుంజకు 66.56 తాడు. సూర్యుడు 49 డిగ్రీల దాకా భూమి కిందకు దిగాల్సిందే, ఎంత జూన్ అయినా.

డిసెంబర్‌కూ ఇదే లెక్క, దిక్కు మాత్రం మారుతుంది. మధ్యాహ్నం సూర్యుడు గుంజకు పైవైపు నుంచి దక్షిణంలోకి వస్తాడు. ఉత్తర క్షితిజం నుంచి కొలుచుకుంటూ వెళ్తే ఆయన స్థానం ధ్రువుడి ఎత్తు, తాడు కలిపినంత. నార్విక్‌లో 68.44కి 113.44 కలిపితే 181.88. ఉత్తర క్షితిజం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణ క్షితిజానికి 180 డిగ్రీలే కదా. కాబట్టి సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణ క్షితిజానికి 1.88 డిగ్రీలు కిందే ఉండిపోతాడు. జూన్‌లో అర్ధరాత్రి ఎంత పైన ఉన్నాడో డిసెంబర్ మధ్యాహ్నం సరిగ్గా అంత కింద. నార్వే వాళ్లు ఈ కాలాన్ని మోర్కెతీద్ అంటారు, చీకటి కాలం అని.

కానీ 1.88 డిగ్రీలు కింద అంటే ఏపాటి? విశాఖ బీచ్ రోడ్డులో పొద్దు గూకిన ఐదారు నిమిషాలకు సూర్యుడు ఉండే లోతు అంతే. అప్పుడు అక్కడ చీకటి ఉంటుందా? పుస్తకం చదువుకోవచ్చు. నార్విక్‌లో ఆ ఐదారు నిమిషాల వెలుతురు గంటల తరబడి సాగుతుంది. ఎందుకో కాస్త నిదానంగా చెబుతాను, చాలామంది వివరణల్లో ఇదే దాటిపోతుంది.

సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీలు కిందికి దిగేదాకా ఉండే వెలుతురును సివిల్ ట్విలైట్ అంటారు. దీపం లేకుండా బయట పనులు చేసుకోవచ్చు. 12 డిగ్రీల దాకా నాటికల్ ట్విలైట్, అంటే సముద్రం మీద క్షితిజపు గీత ఇంకా కనిపించే వేళ. 18 డిగ్రీలు దాటితే ఆకాశం పూర్తిగా నల్లబడుతుంది. మా వృత్తిలో నాటికల్ ట్విలైట్ బంగారం లాంటి వేళ. సెక్స్టెంట్‌తో కొలవాలంటే నక్షత్రమూ కనిపించాలి, కింద క్షితిజమూ కనిపించాలి. బంగాళాఖాతంలో ఆ రెండూ కలిసి ఉండేది పదిహేను, ఇరవై నిమిషాలే. ఓడ నడిపే గది పక్కన బయటికి ఉండే బ్రిడ్జి రెక్క మీద పరుగులు పెట్టి ఐదారు నక్షత్రాలు పట్టుకోవాలి. ఒకటి తప్పితే క్షితిజం చీకట్లో కలిసిపోయేది.

ఆ పరుగుకు కారణం మన దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగడం. మార్చి, సెప్టెంబర్‌లలో విశాఖలో సూర్యుడి దారి క్షితిజంతో 72 డిగ్రీల కోణంలో ఉంటుంది. గంటకు 14 డిగ్రీలకు పైగా దిగుతాడు. సివిల్ ట్విలైట్ సుమారు 22 నిమిషాల్లో సరి. నార్విక్‌లో అదే రోజు ఆయన దారి వాలు 22 డిగ్రీలు కూడా లేదు. గంటకు ఐదున్నర డిగ్రీలే దిగుతాడు, సివిల్ ట్విలైట్ 56 నిమిషాలు పడుతుంది. సూర్యబింబం అంచు నీటిని తాకినప్పటి నుంచి పూర్తిగా మునిగేదాకా విశాఖలో రెండు నిమిషాల పైచిలుకు, నార్విక్‌లో దాదాపు ఆరు నిమిషాలు. నిచ్చెన దిగడానికీ రోడ్డు దిగుడు నడవడానికీ ఉన్న తేడా.

డిసెంబర్‌లో దీనికి ఇంకోటి తోడవుతుంది. అప్పుడు సూర్యుడు క్షితిజం దగ్గరకు వచ్చేది తన గుండ్రటి దారి పైకొస దగ్గర. అక్కడ దారి దాదాపు నేలబారుగా ఉంటుంది, ఎక్కడమూ దిగడమూ లేనట్టే. డిసెంబర్ 21న నార్విక్‌లో మధ్యాహ్నం 1.88 డిగ్రీలు కింద ఉన్న సూర్యుడు గంట తర్వాత ఎక్కడుంటాడో లెక్క వేస్తే సుమారు 2.54 డిగ్రీల కింద. గంట మొత్తానికి ముప్పావు డిగ్రీ కూడా దిగలేదు! పూర్తి లెక్క కట్టుకోవాలనుకునే వాళ్లకు సూత్రం ఇదీ:

```
sin(h) = sin(φ)·sin(δ) + cos(φ)·cos(δ)·cos(H)
```

ఇందులో h సూర్యుడి ఎత్తు, φ అక్షాంశం, δ సూర్యుడి క్రాంతి (90 లోంచి తాడు నిడివి తీసేయగా వచ్చేది), H మధ్యాహ్నం నుంచి గంటకు 15 డిగ్రీల చొప్పున గడిచిన కోణం. h దగ్గర −6 పెట్టి నార్విక్‌కు కడితే మధ్యాహ్నానికి అటు రెండున్నర, ఇటు రెండున్నర, మొత్తం ఐదు గంటల సివిల్ ట్విలైట్ వస్తుంది. −12 పెడితే ఎనిమిది గంటల పైన. గడియారంలో చెప్పాలంటే ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 2:20 దాకా రోడ్డు దీపాలు లేకపోయినా నడవొచ్చు. మా ఓడ డెక్కు మీద కుర్రాళ్లు ఆ వేళలో హ్యాచ్ మూతల రబ్బరు సీళ్లు చూసుకునేవాళ్లు, టార్చి అక్కర్లేకుండా. దక్షిణాన కొండల వెనక నారింజ రంగు, నెత్తి మీద ఇంకు లాంటి నీలం, మంచు మీద ఆ నీలమే. మంచు ఉన్న వెలుతురును రెట్టింపు చేసినట్టుంటుంది. మన పల్లెల్లో అమావాస్య రాత్రి దానికంటే ఎన్నో రెట్లు చీకటి.

డిసెంబర్‌లో ఇంకో విశేషం ఎవరూ చెప్పరు. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కదా. సూర్యుడి తాడు బాగా సాగిన నెలలో పున్నమి చంద్రుడి తాడు పొట్టిదవుతుంది. కాబట్టి చాలా ఏళ్లలో డిసెంబర్ పున్నమి చుట్టుపక్కల రోజుల్లో చంద్రుడు అక్కడ అస్తమించడు. టికెట్లు ఆ వారానికి చూసుకుంటే మంచు కొండల మీద రోజంతా వెన్నెల. అయితే ధ్రువకాంతుల కోసమే వెళ్తుంటే పున్నమి కొంచెం అడ్డం, అమావాస్య వైపు వెళ్లండి.

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలో ఒక లోపం ఉంది, అది ఒప్పుకోవాలి. పై లెక్క ప్రకారం వేసవి, చలికాలం సరిసమానంగా ఉండాలి. ఉండవు. నార్విక్ అక్షాంశంలో క్షితిజం అడ్డులేకుండా ఉంటే అర్ధరాత్రి సూర్యుడు మే 24 ప్రాంతం నుంచి జూలై 19 ప్రాంతం దాకా, దాదాపు 57 రోజులు. సూర్యుడు అసలు రాని కాలం డిసెంబర్ 6 ప్రాంతం నుంచి జనవరి 6 దాకా, నెల రోజుల పైచిలుకు మాత్రమే. తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

గాలి వల్ల. క్షితిజం దగ్గర వెలుతురు మందమైన గాలి పొరల్లోంచి వంగుతూ వస్తుంది. నీళ్ల గ్లాసులో చెంచా వంగినట్టు కనిపిస్తుంది చూడండి, ఆ వక్రీభవనమే. దాంతో సూర్యుడు ఉన్నచోటు కంటే అర డిగ్రీకి పైగా ఎత్తులో కనిపిస్తాడు. దానికి తోడు లెక్క కట్టేది సూర్యుడి నడిబొడ్డుకు, మనకు కనిపించేది పై అంచు. అది ఇంకో పావు డిగ్రీ. రెండూ కలిపి 0.83 డిగ్రీ సూర్యుడి పక్షాన పడుతుంది, వేసవిలోనూ చలికాలంలోనూ. ఆర్కిటిక్ వలయానికి దాదాపు 90 కిలోమీటర్లు దక్షిణంగా ఉన్నా జూన్ 21 అర్ధరాత్రి సూర్యుడి అంచు కనిపించేది అందుకే. ఓడ బ్రిడ్జి మీద నుంచి చూస్తే మరి కొన్ని మైళ్లు, ఎత్తు నుంచి చూసేవాడికి క్షితిజం కాస్త దిగి ఉంటుంది గనక.

ఈ వంపు ఎప్పుడూ అంతే ఉంటుందని నమ్మకూడదు. చల్లటి గాలి కింద, వెచ్చటి గాలి పైన పేరుకుంటే వెలుతురు నేలను అంటిపెట్టుకుని చాలా దూరం వంగుతూ వస్తుంది. 1597 జనవరిలో డచ్ నావికుడు విల్లెం బారెంట్స్ బృందం రష్యాకు ఉత్తరాన నోవాయా జెమ్ల్యా దీవిలో మంచులో చిక్కుకుని ఉండగా, రావాల్సిన రోజు కంటే రెండు వారాల ముందే సూర్యుడు కనిపించాడు. లెక్క ప్రకారం అప్పుడు సూర్యుడు క్షితిజానికి సుమారు 5 డిగ్రీలు కింద ఉండాలి. చాలాకాలం వాళ్ల మాట ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ఆ దృశ్యానికి నోవాయా జెమ్ల్యా ప్రభావం అనే పేరు.

మాకు నేర్పింది కూడా అదే: సూర్యుడు క్షితిజం మీద పది డిగ్రీల కంటే తక్కువ ఎత్తులో ఉంటే సెక్స్టెంట్ లెక్కను గుడ్డిగా నమ్మొద్దని. అయినా సరదాకు ఒకసారి ప్రయత్నించాను. ముర్మాన్స్క్ వెళ్తూ నార్త్ కేప్ దాటుతున్న జూన్ రాత్రి, మబ్బు లేదు, సముద్రం నూనె పోసినట్టుంది. సూర్యుడు సరిగ్గా ఉత్తరానికి వచ్చి దిగడం ఆగి మళ్లీ లేవబోయే క్షణంలో కొలిచాను. దిద్దుబాట్లన్నీ పోగా 4 డిగ్రీల 52 నిమిషాలు. దానికి ఆ రోజు తాడు 66 డిగ్రీల 34 నిమిషాలు కలిపితే ధ్రువుడి ఎత్తు, అంటే మా అక్షాంశం, 71 డిగ్రీల 26 నిమిషాలు వచ్చింది. జీపీఎస్ చూపినదానికి రెండు మైళ్ల తేడా. పక్కనున్న కేడెట్, కొత్తగా చేరిన కుర్రాడు, "సార్, ఇక్కడ స్టార్స్ సైట్ ఎన్నింటికి తీసుకుంటారు?" అని అడిగాడు. నక్షత్రాల కొలత ఇక ఆగస్టులోనే అన్నాను. ధ్రువుడి చుట్టూ ఇంత లెక్క కట్టామా, జూన్‌లో ఆ ధ్రువుడు మాత్రం కంటికి కనబడడు, ఆకాశం నల్లబడదు కాబట్టి.

ఇక అక్షాంశం పెరిగేకొద్దీ సంధ్య సంగతి ఎలా మారుతుందో రెండు మాటలు. స్వాల్‌బార్డ్ దీవుల్లో లాంగ్‌యియర్‌బ్యెన్ అనే ఊరు 78.2 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబర్ 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు 11.7 డిగ్రీలు కింద. మీరు భయపడుతున్న చీకటి ఇక్కడిది. నవంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా మధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ పెద్ద తేడా తెలియదు. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్న న్యూ ఆలెసుండ్ దానికి ఇంకొంచెం పైన. సరిగ్గా ధ్రువం దగ్గరైతే గుంజ నడినెత్తిన ఉంటుంది, సూర్యుడు క్షితిజానికి సమాంతరంగా చుట్టూ తిరుగుతూ ఆరు నెలలు ఉంటాడు. అక్కడ అస్తమయం ఏడాదికి ఒకటే, సెప్టెంబర్ చివర్లో. ఆ తర్వాత 18 డిగ్రీలు దిగేది నవంబర్ మధ్యలో. అంటే ఒక్క సాయంసంధ్య ఏడు వారాలు! మేరువు మీద దేవతలకు ఆరు నెలలు పగలు అని మన పెద్దలు చెప్పేది ఈ లెక్కకు సరిపోతుంది. అయితే ఆ పగలు మొదలయ్యేది మకర సంక్రాంతికి కాదు, మార్చిలో రాత్రీ పగలూ సమానమయ్యే రోజుకు.

దిగువకు వస్తే, సెయింట్ పీటర్స్‌బర్గ్ 60 డిగ్రీల దగ్గర ఉంది. అర్ధరాత్రి సూర్యుడు లేడు, కానీ జూన్ 21న 6.6 డిగ్రీలకు మించి దిగడు. సివిల్ ట్విలైట్ దాదాపు తెల్లారేదాకా సాగుతుంది, వాటినే అక్కడ తెల్ల రాత్రులంటారు. లండన్‌లో ఉండే మనవాళ్లకు కూడా జూన్‌లో ఆకాశం పూర్తిగా నల్లబడదు. అక్కడ సూర్యుడు 15 డిగ్రీల దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతాడు.

ప్రయాణానికి పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, పట్టికల్లోని తేదీలు చదునైన క్షితిజానికి చెప్పినవి, నార్విక్ చుట్టూ మాత్రం కొండలే. రేవులో ఉన్న నాలుగు రోజుల్లో నాకు అర్ధరాత్రి సూర్యుడు ఒక్కసారీ నేరుగా కనబడలేదు, ఎదుటి కొండల కొప్పుల మీద బంగారు ఎండ మాత్రం కనిపించింది. ట్రోమ్సోలో కూడా లెక్క ప్రకారం జనవరి 15 ప్రాంతంలో రావాల్సిన సూర్యుడు కొండల వల్ల 21న గానీ ఊళ్లోకి రాడు. ఆ రోజును వాళ్లు సూర్యుడి రోజుగా జరుపుకుని తీపి బన్నులు తింటారు. కాబట్టి ఉత్తరం వైపు సముద్రం తెరిచి ఉన్న చోటు వెతుక్కోండి.

రెండోది గడియారం. నార్వేలో వేసవి గడియారం ఒక గంట ముందుకు జరిపి ఉంటుంది. నార్విక్‌లో సూర్యుడు అన్నిటికంటే కిందికి వచ్చేది 12 గంటలకు కాదు, 12:50 దాటాక. పన్నెండింటికి ఫోటో తీసుకుని బస్సెక్కేవాళ్లను చూశాను. ఇంకో ముప్పావుగంట ఉంటే సూర్యుడు దిగడం ఆపి, పక్కకు జరిగి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టడం కళ్లారా చూసేవాళ్లు. గదికి మందపాటి కర్టెన్లు లేకపోతే కంటికి కట్టుకునే గుడ్డ ఒకటి పెట్టుకెళ్లండి. నేనైతే క్యాబిన్ పోర్ట్‌హోల్‌కి అట్టముక్క టేపుతో అంటించి పడుకునేవాణ్ణి.